27 వారాల పాప, మూసుకోని డక్టస్: ఐబుప్రోఫెన్ రెండో డోసు ముందు ఆగిన 12 గంటలు

ఈ పాప 27 వారాల 2 రోజులకే పుట్టింది. బరువు 940 గ్రాములు. ముందే ఉమ్మనీరు పోయినా కాన్పుకు కాస్త వ్యవధి దొరకడంతో తల్లికి డెక్సామెథాసోన్ సూదులు నాలుగూ పడ్డాయి. పుట్టగానే ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే సీపాప్ మీద పెట్టాం, ఊపిరితిత్తులు విచ్చుకునేలా చేసే సర్ఫాక్టెంట్‌ను తొలి గంటల్లోనే ఇచ్చాం. మొదటి రెండు రోజులు 25 శాతం ఆక్సిజన్‌తో హాయిగా ఉంది. మూడో రోజు రాత్రి నుంచి పరిస్థితి మారింది. మధ్యమధ్యలో ఊపిరి ఆపుతోంది, ఆక్సిజన్ 45 శాతానికి పెంచాల్సి వచ్చింది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. నాలుగో రోజు ఉదయం మళ్ళీ గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్‌కు కలిపాం.

అరచేతిలో వేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలిసిపోతోంది. ఛాతీ ఎడమవైపు గుండె ఎగిరెగిరి పడుతోంది. బీపీ 42/18. పై అంకె ఆ వయసుకు ఫరవాలేదు, కింది అంకె మాత్రం బాగా తక్కువ. ఇంత చిన్న బిడ్డలో ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే ముందు అనుమానించేది డక్టస్‌నే.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకు పనిలేదు. అందుకే అటు వెళ్ళాల్సిన రక్తాన్ని బృహద్ధమనిలోకి దారి మళ్ళించే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. అదే డక్టస్ ఆర్టీరియోసస్. నెలలు నిండిన బిడ్డలో ఒకటి రెండు రోజుల్లో అది తనంతట తనే బిగుసుకుంటుంది. నెలలు నిండని బిడ్డలో ఆ గోడ కండరం ఇంకా పక్వానికి రాదు, పైగా దాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ ప్రభావం బలంగా ఉంటుంది. పుట్టాక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గేకొద్దీ రక్తం అదే గొట్టంలో వెనక్కి తిరిగి ఊపిరితిత్తుల్లోకి పోటెత్తుతుంది. ఊపిరితిత్తులు తడిసి బరువెక్కుతాయి, పేగులకూ కిడ్నీలకూ వెళ్ళే రక్తం తగ్గుతుంది.

ఎకోలో డక్టస్ వెడల్పు 2.3 మి.మీ. ఉంది. ఎడమ కర్ణికను బృహద్ధమనితో పోల్చే నిష్పత్తి 1.7 వచ్చింది, మామూలుగా 1.4 లోపే ఉండాలి. అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది కింది బృహద్ధమని బొమ్మ. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో రక్తం కిందికి పోకుండా వెనక్కి వస్తోంది. అంటే పొట్టలోని అవయవాలకు ప్రతి గుండెచప్పుడుకూ కొంత వాటా దక్కకుండా పోతోంది. కార్డియాలజిస్టును ప్రత్యేకంగా మరో ప్రశ్న కూడా అడిగాం: ఈ డక్టస్ మూసుకుంటే ప్రాణానికి ముప్పు తెచ్చే గుండె లోపం ఏదైనా ఉందా? బృహద్ధమని సన్నబడినా, ఊపిరితిత్తులకు వెళ్ళే దారి మూసుకుపోయి ఉన్నా ఆ బిడ్డకు డక్టసే ప్రాణాధారం. ఆ జవాబు రాకుండా మొదటి డోసు ఇవ్వకూడదు. ఈ పాపలో అలాంటి లోపమేదీ లేదు.

వెయ్యాలా, ఆగాలా

ఈ ప్రశ్నకు పదిహేనేళ్ళ కిందటి జవాబు వేరు, ఇప్పటి జవాబు వేరు. ఒకప్పుడు డక్టస్ కనిపిస్తే చాలు, మందు మొదలుపెట్టేవాళ్ళం. 2023లో వచ్చిన బెనెడక్టస్ అధ్యయనం 28 వారాల లోపు బిడ్డల్లో తొలి మూడు రోజుల్లోనే ఐబుప్రోఫెన్ ఇవ్వడాన్నీ, మందు లేకుండా కనిపెట్టుకుని ఉండటాన్నీ పోల్చింది. పేగు కుళ్ళడం, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు, మరణం మూడూ కలిపి లెక్కిస్తే కనిపెట్టుకుని ఉన్న వర్గంలో 46.3 శాతం, మందు ఇచ్చిన వర్గంలో 63.5 శాతం. మరుసటి ఏడు బ్రిటన్ నుంచి వచ్చిన బేబీ ఆస్కార్ అధ్యయనంలోనూ తొలి 72 గంటల్లో ఇచ్చిన ఐబుప్రోఫెన్ వల్ల మరణమూ ఊపిరితిత్తుల జబ్బూ తగ్గలేదు. డక్టస్ మూసుకోవడం వేరు, బిడ్డ బాగుపడటం వేరు అని ఈ రెండూ తేల్చి చెప్పాయి.

అందుకే చాలామంది బిడ్డల్లో ఇప్పుడు ఆగి చూస్తున్నాను. ఈ పాప విషయంలో ఎందుకు ఆగలేదంటే, డక్టస్ కొలతకే పరిమితం కాలేదు. 72 గంటలు దాటినా తగ్గే సూచన లేదు, బాగున్న బిడ్డ తిరిగి వెంటిలేటర్ మీదికి వచ్చింది, కింది శరీరానికి రక్తం వెనక్కి మళ్ళుతోంది. అయినా ఈ నిర్ణయానికి గట్టి రుజువు ఉందని చెప్పుకోను. తల్లిదండ్రులతోనూ అలాగే చెప్పాను: "ఈ మందుతో ఆ గొట్టం మూసుకునే అవకాశం ఎక్కువ. దానివల్ల పాప వెంటిలేటర్ నుంచి తొందరగా బయటపడుతుందని మా ఆశ, హామీ మాత్రం ఇవ్వలేం. కొన్నాళ్ళు మూత్రం తగ్గవచ్చు, దాన్ని గంటగంటకూ చూస్తుంటాం."

రెండు మందుల్లో ఏది

ఇండోమెథాసిన్ 1976 నుంచి ఈ పనికి వాడుకలో ఉంది. ఐబుప్రోఫెన్ తర్వాత వచ్చింది. రెండూ ప్రోస్టాగ్లాండిన్ తయారుచేసే ఎంజైమునే అడ్డుకుంటాయి. చిక్కంతా ఇక్కడే. డక్టస్‌ను తెరిచి ఉంచే ఆ ప్రోస్టాగ్లాండినే కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి ధమనిని కూడా వెడల్పుగా ఉంచుతుంది. పెద్దవాళ్ళ కిడ్నీకి మామూలు రోజుల్లో దాని అవసరం అంతగా ఉండదు. నాలుగు రోజుల బిడ్డ కిడ్నీ మాత్రం దానిమీదే బతుకుతుంది. డక్టస్‌కు వేసిన తాళం కిడ్నీకి కూడా కొంత పడుతుంది.

ఆ పడటంలో రెండు మందులకూ తేడా ఉంది. 2000లో బెల్జియం నుంచి వచ్చిన అధ్యయనంలో ఒక్కో మందుకు 74 మంది బిడ్డలు. డక్టస్ మూసుకున్నది ఐబుప్రోఫెన్‌తో 70 శాతం, ఇండోమెథాసిన్‌తో 66 శాతం, అంటే దాదాపు సమానం. మూత్రం బాగా తగ్గింది మాత్రం ఐబుప్రోఫెన్ వర్గంలో 5 మందికి, ఇండోమెథాసిన్ వర్గంలో 14 మందికి. మెదడుకూ పేగులకూ వెళ్ళే రక్తాన్ని కూడా ఇండోమెథాసిన్ ఎక్కువగా తగ్గిస్తుంది. దానికి ప్రత్యేకంగా ఉన్న బలం ఒక్కటే: పుట్టిన తొలి రోజే ముందుజాగ్రత్తగా ఇస్తే మెదడులో తీవ్రమైన రక్తస్రావం తగ్గుతుంది. 2001లో టిప్ అధ్యయనంలో అది 13 నుంచి 9 శాతానికి తగ్గింది. కానీ 18 నెలల వయసులో ఆ పిల్లల ఎదుగుదలలో తేడా కనిపించలేదు. నాలుగో రోజున ఉన్న మా పాపకు ఆ లాభం ఎలాగూ వర్తించదు.

ఇండోమెథాసిన్ ఎంచుకుని ఉంటే ఈ వయసుకు కిలోకు 0.2 మి.గ్రా. చొప్పున మూడు డోసులు, 12 నుంచి 24 గంటల ఎడంతో, ఒక్కోటి 20 నుంచి 30 నిమిషాల పాటు నెమ్మదిగా నరంలోకి ఎక్కించాలి. 48 గంటల లోపు బిడ్డకైతే రెండో, మూడో డోసులు 0.1కి తగ్గుతాయి. వారం దాటితే 0.25కి పెరుగుతాయి. వయసుతోపాటు మందును బయటికి పంపే శక్తి పెరగడమే ఆ లెక్కకు కారణం. గబుక్కున ఎక్కిస్తే మెదడు రక్తప్రవాహం ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి ఆ నిమిషాల లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు.

మేం ఐబుప్రోఫెన్‌నే తీసుకున్నాం, అదీ నోటి ద్వారా. నరంలోకి ఇచ్చేదానికంటే నోటి మందుతో డక్టస్ కొంత మెరుగ్గానే మూసుకుంటుందని అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. నెమ్మదిగా ఒంటబట్టి ఎక్కువసేపు పనిచేయడం అందుకు కారణం కావచ్చు. కోర్సు కిలోకు 10, 5, 5 మి.గ్రా., రోజుకొకటి. బరువు తగ్గుతున్న రోజుల్లోనూ పుట్టిన బరువునే లెక్కకు తీసుకోవాలి. 940 గ్రాములకు మొదటి డోసు 9.4 మి.గ్రా., తర్వాతివి 4.7 మి.గ్రా. చొప్పున. మా దగ్గరున్న సిరప్‌లో 5 మి.లీ.కు 100 మి.గ్రా., అంటే 1 మి.లీ.కు 20. కాబట్టి 0.47 మి.లీ., ఆపైన 0.23 మి.లీ. రెండుసార్లు. ఒక మి.లీ. సిరంజిలోనే కొలవాలి. 5 మి.లీ. సిరంజిలో ఒక గీత అటూఇటూ అయితే డోసు సగానికి సగం మారిపోతుంది.

సిరప్ గురించి ఒక గట్టి హెచ్చరిక. మన మందుల షాపుల్లో ఐబుప్రోఫెన్ సిరప్ అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది పారాసిటమాల్ కలిసినది. 5 మి.లీ.లో ఐబుప్రోఫెన్ 100, పారాసిటమాల్ 162.5 మి.గ్రా. ఉంటాయి. అట్టపెట్టె మీద పెద్దక్షరాలు చూసి పొరబడటం చాలా తేలిక. మా యూనిట్‌లో సీసా మూత తీసే ముందు మందు పేరూ పాళ్ళూ ఒక సిస్టర్ పైకి చదవాలి, ఇంకొకరు కేస్ షీటులో సంతకం చెయ్యాలి. అడుగున పేరుకున్న మందు కలవాలంటే సీసాను బాగా కుదపాలి కూడా.

మొదటి డోసుకు ముందు చూసినవి

మూత్రం ముందటి 12 గంటల్లో 32 మి.లీ., అంటే గంటకు కిలోకు 2.8. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.1, సోడియం 141, ప్లేట్‌లెట్లు 1,64,000. తల స్కాన్‌లో రక్తస్రావం లేదు. కామెర్ల పరీక్షలో బిలిరుబిన్ 5.8, ఫోటోథెరపీ నడుస్తోంది. బిలిరుబిన్‌ను ఎందుకు చూశామంటే, ఐబుప్రోఫెన్ దాన్ని ఆల్బుమిన్ నుంచి కొంత పక్కకు తోస్తుంది. రక్తమార్పిడి గీతకు దగ్గర్లో ఉన్న బిడ్డకు అది ప్రమాదం. మా పాప ఆ గీతకు దూరంగానే ఉంది.

ఈ క్రియాటినిన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. పుట్టిన రోజు వచ్చే అంకె నిజానికి తల్లిది. నెలలు నిండని బిడ్డలో అది తొలి రెండు మూడు రోజులు ఇంకొంచెం పెరిగి, ఆ తర్వాత వారాల మీద దిగుతుంది. ఈ పాపకు మొదటి రోజు 0.8, నాలుగో రోజు 1.1. ఆ పెరుగుదల మామూలు దారిలోదే. కానీ ఐదో రోజు నుంచి దిగాల్సిన అంకె దిగకుండా ఎక్కితే, దాన్ని మామూలు అనకూడదు. కామెర్లు ఎక్కువగా ఉన్న బిడ్డలో పాత జాఫే పద్ధతి పరీక్ష క్రియాటినిన్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి కోర్సు పొడుగునా ఒకే ల్యాబులో, ఎంజైమ్ పద్ధతిలోనే చేయించాం.

పుట్టినప్పుడు మొదలుపెట్టిన యాంటీబయోటిక్ అమికాసిన్‌ను రక్తం కల్చర్‌లో 48 గంటలకూ ఏమీ పెరగకపోవడంతో అప్పటికే ఆపేశాం. ఈ రెండూ కలిస్తే కిడ్నీకి రెండు వైపుల నుంచి దెబ్బ. ఐబుప్రోఫెన్ వల్ల మూత్రం తగ్గితే అమికాసిన్ ఒంట్లోనే పేరుకుంటుంది. కింది బీపీ 18 చూసి హైడ్రోకార్టిసోన్ ఇద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. ఈ జాతి మందులతోపాటు, ముఖ్యంగా ఇండోమెథాసిన్‌తో, తొలి వారంలో స్టెరాయిడ్ కలిస్తే పేగుకు చిల్లు పడే ముప్పు ఉంది. ఆ బీపీకి కారణం డక్టసే, మందు దానికే వేస్తున్నాం కదా అని స్టెరాయిడ్ జోలికి పోలేదు.

రెండు గంటలకోసారి 2 మి.లీ. తల్లిపాలు నడుస్తున్నాయి. వాటిని ఆపలేదు, పెంచనూ లేదు. పుట్టి 84 గంటలు నిండిన వేళ పొట్టలోకి వేసిన పాల ట్యూబు ద్వారా సిరప్ ఇచ్చి, వెనకాలే అర మి.లీ. పాలతో ట్యూబును కడిగాం.

మొదటి 24 గంటలు

ఇలాంటి బిడ్డ మూత్రాన్ని మేం డైపర్ తూచి కొలుస్తాం. గ్రాముకు ఒక మి.లీ. లెక్క. వినడానికి సులువు, చెయ్యడానికి నిష్ఠ కావాలి. ప్రతి డైపర్ పొడి బరువు పెట్టే ముందే దాని అంచున పెన్నుతో రాసి ఉండాలి. తడిసిన వెంటనే అదే త్రాసు మీద తూచాలి. వార్మర్ వేడి కింద గంటసేపు వదిలేస్తే మూత్రం ఆవిరై లేని జబ్బు కనిపిస్తుంది. మలం కలిస్తే ఆ అంకె పక్కన గుర్తు పెట్టాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒక్క డైపర్ కూడా వదలకుండా రాసిన కాగితం మీదే ఈ కేసంతా నడిచింది.

మొదటి 12 గంటలకు 18 మి.లీ. వచ్చింది, గంటకు కిలోకు 1.6. తగ్గుతుందని ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు. తర్వాతి 12 గంటలకు 10 మి.లీ. మాత్రమే, 0.9 అన్నమాట. పొద్దున బరువు చూస్తే 908 గ్రాములు. ముందు రోజు 868. ఒక్క రోజులో 40 గ్రాములు పెరిగింది. రక్తపరీక్షలో సోడియం 132, క్రియాటినిన్ 1.4.

రెండో డోసు వేళైంది.

పీజీ డాక్టరు అడిగింది: "సార్, సోడియం పడిపోయింది, సెలైన్‌లో ఉప్పు పెంచుదామా?" కాగితం మీద లెక్క చేద్దామన్నాను. ఇంత చిన్న బిడ్డ ఒంట్లో సుమారు 80 శాతం నీరే. 868 గ్రాములకు 694 మి.లీ. దానికి 40 మి.లీ. ఉత్త నీరు కలిస్తే 734. సోడియం 141ని 694తో గుణించి 734తో భాగిస్తే 133 వస్తుంది. రిపోర్టు 132. అంటే ఒంట్లోని ఉప్పు దాదాపు ఎక్కడికీ పోలేదు, నీరు పేరుకుంది, అంతే. ప్రోస్టాగ్లాండిన్ లేకపోతే నీటిని పట్టి ఉంచే హార్మోన్‌కు అడ్డు ఉండదు, కిడ్నీ నీటిని వదలదు. ఇలాంటప్పుడు ఉప్పు పోస్తే సోడియం అంకె బాగుపడుతుంది, ఒంట్లో నీరు ఇంకా నిలుస్తుంది, ఆ నీరు మళ్ళీ డక్టస్ గుండా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. బరువు తగ్గుతూ సోడియం పడితే ఉప్పు పోయిందని అర్థం. బరువు పెరుగుతూ పడితే నీరు ఎక్కువైందని. ఈ రెంటినీ విడదీసేది త్రాసు ఒక్కటే.

"పోనీ లాసిక్స్?" అన్నది తర్వాతి ప్రశ్న. వద్దన్నాను. ఇక్కడ మూత్రం తగ్గింది కిడ్నీకి రక్తం తగ్గినందువల్ల. లాసిక్స్ అంటే ఫ్యూరోసెమైడ్, మూత్రం పోయించే మందు. అది ఆ రక్తాన్ని పెంచదు. పైగా కిడ్నీలో ప్రోస్టాగ్లాండిన్ తయారీని అది ఎగదోస్తుంది. మనం మూయాలనుకుంటున్న గొట్టానికి ఆ రసాయనమే కదా తాళంచెవి.

ఇక డోసు మాట. మందు వివరపత్రంలో ఉన్న గీత స్పష్టమైనదే: రెండో లేదా మూడో డోసు వేళకు మూత్రం గంటకు కిలోకు 0.6 మి.లీ. కంటే తక్కువగా ఉంటే, కిడ్నీ పరీక్షలు మామూలయ్యేదాకా తర్వాతి డోసు ఇవ్వకూడదు. మా పాప 0.9లో ఉంది. చాలా యూనిట్లలో ఆపడానికి పెట్టుకునే క్రియాటినిన్ హద్దు 1.6 నుంచి 1.8 మధ్యలో ఉంటుంది, పాపది 1.4. ఈ హద్దులను మాత్రమే చూస్తే డోసు ఇచ్చేయొచ్చు. ఇంకోవైపు, 48 గంటల్లోపు క్రియాటినిన్ 0.3 పెరిగితే, నవజాత శిశువుల్లో కిడ్నీ దెబ్బను దశలుగా విడదీసే కేడిగో లెక్కలో అది మొదటి దశ. పాప సరిగ్గా ఆ మెట్టు మీదే ఉంది.

ఒక్కో అంకెను విడిగా చూస్తే ఇవ్వొచ్చు, ఆపొచ్చు. నేను చూసింది అవి వెళ్తున్న దిక్కును. 2.8, 1.6, 0.9: ఈ వరస ఇంకా కిందికే పోతోంది, ఎక్కడా నిలబడలేదు. క్రియాటినిన్ ఎప్పుడూ వెనకబడి వస్తుంది. ఇవాళ కనిపించే 1.4 నిన్నటి కిడ్నీ కథ. ఈ రోజు మూత్రం 0.9 అంటే రేపటి క్రియాటినిన్ ఇంకా పెరుగుతుందని ముందే తెలుస్తోంది. దిగుతూ ఉన్న మూత్రం మీద ఇంకో డోసు వేస్తే అది 0.6 కిందికి పోవడం దాదాపు ఖాయం, అప్పుడు కోర్సే ఆగిపోతుంది.

12 గంటలు ఆగితే నష్టమేమిటి? పెద్దగా లేదు. పెద్దవాళ్ళలో ఐబుప్రోఫెన్ రెండు గంటల్లో సగమవుతుంది. ఈ వయసు బిడ్డలో సగమవడానికి 30 గంటల చుట్టూ పడుతుంది, తొలి రోజుల్లో ఇంకా ఎక్కువే. 12 గంటల తర్వాత కూడా మొదటి డోసులో మంచి భాగం రక్తంలోనే ఉంటుంది. డక్టస్ మీద పట్టు జారదు, కిడ్నీకి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. కాబట్టి డోసు ఆపి, మూత్రాన్ని ఆరు గంటలకోసారి లెక్కగట్టి, 12 గంటలకు మళ్ళీ రక్తం తీద్దామని నిర్ణయించాం. రక్తం తీయడమంటే ఈ బిడ్డకు చిన్న సంగతి కాదు, ఒంట్లో మొత్తం రక్తమే 80, 90 మి.లీ. ఉంటుంది. అందుకే అర మి.లీ. లోపే తీసి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ మాత్రమే అడిగాం.

చేసిన మార్పు ఒక్కటే. రోజుకు కిలోకు 130 మి.లీ. వెళ్తున్న నీటిని 105కి తగ్గించాం. అంటే మొత్తం 122 మి.లీ. నుంచి 99కి. పాలు ముట్టుకోలేదు, కోత అంతా సెలైన్‌లోనే. నీరు తగ్గించినప్పుడు గ్లూకోజు కూడా తగ్గిపోతుంది కాబట్టి, డెక్స్‌ట్రోజ్ గాఢత పెంచి షుగర్ చూస్తూ వచ్చాం. డక్టస్ ఉందని మొదటి రోజు నుంచే బిడ్డను ఎండగట్టడం నాకు సమ్మతం కాదు. అప్పటికే తగ్గిన కిడ్నీ రక్తం ఇంకా తగ్గుతుంది. ఇక్కడ నీరు తగ్గించింది 40 గ్రాములు పెరిగిన బరువును చూసి.

తల్లి ఆ మధ్యాహ్నం పాలు పిండి తెచ్చి ఇంక్యుబేటర్ దగ్గర నిలబడింది. "సార్, పాపకి మూత్రం రావట్లేదంట కదా, కిడ్నీలు పాడైపోయినట్టేనా?" అని అడిగింది. "లేదమ్మా, వస్తోంది, తగ్గింది. మందు పనిచేసే తీరే అది. మజ్జిగలో నీళ్ళెక్కువైతే ఉప్పు చాలనట్టు పాప ఒంట్లో నీరు కొంచెం ఎక్కువైంది, అందుకే నీరు తగ్గించాం. మందు కూడా పూట ఆలస్యంగా ఇస్తాం" అన్నాను. డైపర్ కాగితం చూపిస్తే అంకెలన్నీ ఆమె శ్రద్ధగా చదువుకుంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ముందు అడిగేది ఆ కాగితమే.

మొదటి ఆరు గంటలకు 4.5 మి.లీ., గంటకు కిలోకు 0.8. ఇంకా కిందికే. ఆ తర్వాతి ఆరు గంటలకు 7.3 మి.లీ., 1.3. వరస తిరిగింది. క్రియాటినిన్ 1.4 దగ్గరే నిలిచింది, పొటాషియం 4.9, సోడియం 133. పొట్ట మెత్తగా ఉంది, పాల ట్యూబులో పసరు లేదు, మలంలో రక్తం లేదు. మొదటి డోసు ఇచ్చిన 36 గంటలకు రెండోది, 0.23 మి.లీ. ఇచ్చాం.

మిగతా కోర్సు

రెండో డోసు తర్వాత మూత్రం 1.1 దాకా తగ్గి అక్కడే నిలబడింది. బరువు 896, సోడియం 134, క్రియాటినిన్ 1.5. క్రియాటినిన్ పెరిగింది కదా అని మూడో డోసు ముందు మళ్ళీ చర్చ జరిగింది. ఈసారి నేను ఇద్దామన్నాను. మూత్రం నిలకడగా ఉంది, బరువు దిగుతోంది, సోడియం ఎక్కుతోంది. మూడూ ఒకే కథ చెబుతున్నప్పుడు వెనకబడి వచ్చే క్రియాటినిన్ 0.1 పెరగడం నన్ను ఆపలేదు. సరిగ్గా 24 గంటలకు మూడో డోసు పడింది. ఆ రోజు మూత్రం 1.8కి వచ్చింది, నీటిని మెల్లగా 120కి, ఆపైన 135కి పెంచుకుంటూ వెళ్ళాం.

ఎనిమిదో రోజు ట్యూబు తీసి మళ్ళీ సీపాప్ మీదికి మార్చాం, 28 శాతం ఆక్సిజన్ సరిపోయింది. తొమ్మిదో రోజు, చివరి డోసు ఇచ్చిన 48 గంటలకు ఎకో చేస్తే డక్టస్ 0.8 మి.మీ. ఎడమ కర్ణిక నిష్పత్తి 1.3. కింది బృహద్ధమనిలో రక్తం మళ్ళీ ముందుకే వెళ్తోంది. బీపీ కింది అంకె 27. క్రియాటినిన్ ఆ రోజు 1.2, పద్నాలుగో రోజుకు 0.8.

0.8 మి.మీ. మిగిలింది కాబట్టి రెండో కోర్సు ఇవ్వాలా అని అడిగినవాళ్ళున్నారు. గొట్టం సన్నబడి ఒత్తిడి తేడా ఏర్పడితే, బిడ్డకు ఇబ్బంది లేకపోతే, మిగిలినదాన్ని మందుతో వెంటాడను. చాలావరకు వారాల్లో తనే మూసుకుంటుంది. ఒకవేళ మొదటి కోర్సుకు డక్టస్ కదలకుండా, వెంటిలేటర్ కూడా దిగకుండా ఉండి ఉంటే, క్రియాటినిన్ వెనక్కి దిగాక రెండో కోర్సు ఇచ్చేవాణ్ణి. మొదటి కోర్సుతో పోలిస్తే దానితో మూసుకునే అవకాశం తక్కువే. కిలోకు 20, 10, 10 మి.గ్రా. ఐబుప్రోఫెన్ పెద్ద కోర్సుతో మూసుకోవడం మెరుగని చూపిన అధ్యయనాలున్నాయి. వయసు పెరిగిన బిడ్డ మందును త్వరగా వదిలించుకుంటుంది కాబట్టి వారం దాటిన బిడ్డలో దానికి అర్థముంది. కానీ మొదటి డోసుకే మూత్రం మూడో వంతుకు పడిన ఈ పాపకు దాన్ని ఎంచుకునేవాణ్ణి కాదు. అప్పుడు పారాసిటమాల్ వైపు వెళ్ళేవాణ్ణి. కిలోకు 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, కనీసం మూడు రోజులు. అది కిడ్నీని ఇంతగా ఇబ్బంది పెట్టదు, లివర్ పరీక్షలు మాత్రం చూసుకోవాలి. రెండు కోర్సులకూ లొంగకపోతే ఆపరేషనో, కాలి నరం గుండా గొట్టం పంపి మూసే పద్ధతో మిగులుతాయి. 700 గ్రాముల పైబడిన బిడ్డలకు సరిపోయే పరికరం 2019 నుంచి అమెరికాలో అనుమతితో వాడుకలో ఉంది.

36 వారాల వయసుకు 1,820 గ్రాములతో ఇంటికి వెళ్ళే ముందు చేసిన ఎకోలో డక్టస్ పూర్తిగా మూసుకుని ఉంది. క్రియాటినిన్ 0.4, మూత్రంలో ప్రోటీన్ లేదు, బీపీ వయసుకు తగ్గట్టే ఉంది. ఇలాంటి బిడ్డల డిశ్చార్జ్ కాగితంలో డక్టస్ సంగతి అందరూ రాస్తారు, కిడ్నీ సంగతి తరచుగా జారిపోతుంది. మేం పైవరసలోనే రాశాం: ఐబుప్రోఫెన్ కోర్సులో క్రియాటినిన్ 1.1 నుంచి 1.5కి పెరిగి తగ్గింది. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఆపైన ఏటా బీపీ, మూత్రపరీక్ష చూడాలి. ఎక్కడ చేర్చినా అమికాసిన్, జెంటామైసిన్ ఇచ్చే ముందు క్రియాటినిన్ చూడాలి. తల్లికి విడిగా తెలుగులో ఇంకో కాగితం రాసిచ్చాం. జ్వరమొస్తే షాపులో దొరికే కలిపిన సిరప్ తేవద్దని, పారాసిటమాల్ ఒక్కటే ఉన్న చుక్కల మందును డాక్టరు చెప్పిన కొలతలో వెయ్యమని, వాంతులు విరేచనాలు పట్టి పూటపాటు డైపర్ తడవకపోతే రాత్రయినా సరే తీసుకురమ్మని అందులో ఉంది.